జిల్లా మీట్‌లో పతకం గెలిచిన విద్యార్థికి అభినందన సందేశం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూల్ గేమ్స్ జిల్లా పోటీలు మొదలైతే చాలు, తల్లిదండ్రులు, టీచర్లు, బంధువులు ఒకే రకం సందేహాలు అడుగుతుంటారు. పాపకు మెడల్ వచ్చింది, ఏం రాయాలి? టైమింగ్ పెట్టాలా వద్దా? గ్రూపులో పెడితే మిగతా పిల్లలు బాధపడతారా? అలా మళ్లీ మళ్లీ వచ్చేవాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఉదాహరణలన్నీ అథ్లెటిక్స్‌వే, అంటే పరుగులు, జంపులు, త్రోలు. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## రాయడానికి ముందు

మెసేజ్ రాసే ముందు ఏమేం తెలుసుకోవాలి?

ఏ ఈవెంట్, ఏ వయసు విభాగం, ఎన్నో స్థానం, ఎంత టైమింగ్ లేదా ఎంత దూరం. ఈ నాలుగూ పీఈటీ సార్ దగ్గర ఉండే రిజల్ట్ షీట్‌లో దొరుకుతాయి. సర్టిఫికెట్ చేతికి రావడానికి కొన్నిసార్లు రోజులు పడుతుంది కాబట్టి షీట్ ఫొటో అడిగి తీసుకోవడం మంచిది.

వీటిలో ఎక్కువగా తప్పు పోయేది వయసు విభాగం. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని ఉంటాయి. పాప తొమ్మిదో తరగతి కదా అని ఎవరో ఊహించి అండర్-14 అని రాసేస్తారు. అది గ్రూపులు దాటి తిరిగి, "తొమ్మిదో తరగతి అమ్మాయి అండర్-14లో ఎలా ఆడింది?" అని అవతలి స్కూలు వాళ్లు అడిగేదాకా వెళ్తుంది. పిల్లలు చేయని తప్పుకు పిల్లలే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. విభాగం కచ్చితంగా తెలియకపోతే దాన్ని వదిలేసి ఈవెంట్ పేరు ఒక్కటే రాయండి.

ఇక ఐదోది షీట్‌లో దొరకదు. పోటీలో ఆ పాప లేదా బాబు ఏం చేస్తే ఆ పతకం వచ్చింది? నా దృష్టిలో మెసేజ్‌కు ప్రాణం అదే. ఆ ఒక్క సంగతి ఉంటే రెండు వాక్యాలు చాలు. అది లేకపోతే పది వాక్యాలు రాసినా ఎవరికైనా పంపగలిగే మెసేజ్‌లాగే ఉంటుంది.

మా వాడికి లాంగ్ జంప్‌లో గోల్డ్ వచ్చింది. "జిల్లా చాంపియన్" అని రాయొచ్చా?

"జిల్లా స్థాయి లాంగ్ జంప్‌లో ప్రథమ స్థానం" అని గానీ "లాంగ్ జంప్ విజేత" అని గానీ రాయండి. చాలా మీట్‌లలో వ్యక్తిగత చాంపియన్‌షిప్ అని వేరే బహుమతి ఉంటుంది. ఒక విద్యార్థి పాల్గొన్న ఈవెంట్లన్నిటిలో వచ్చిన పాయింట్లు కలిపి, ఎక్కువ వచ్చినవారికి దాన్ని ఇస్తారు. ఒక ఈవెంట్‌లో గెలిచిన బాబును చాంపియన్ అంటే, ఆ బహుమతి నిజంగా గెలుచుకున్న విద్యార్థి పేరు పక్కకు పోతుంది.

"రికార్డు" అనే మాటకూ ఇదే వర్తిస్తుంది. ఇంతకుముందున్న జిల్లా రికార్డు ఎంతో నిర్వాహకులు చెప్పి, దాన్ని దాటినట్టు ప్రకటిస్తేనే ఆ మాట వాడాలి.

టైమింగ్ రాయాలా? రాస్తే ఎలా రాయాలి?

రాయండి. పరుగెత్తే పిల్లలు పతకాన్ని ఎంత తలుచుకుంటారో తమ టైమింగ్‌నూ అంతే తలుచుకుంటారు. షీట్‌లో ఎలా ఉందో అలాగే రాయాలి. జిల్లా మీట్‌లలో ఎక్కువగా స్టాప్‌వాచ్‌తోనే టైమ్ తీస్తారు. చేత్తో తీసిన టైమ్‌ను సెకనులో పదో వంతు వరకే లెక్కపెడతారు, అందుకే షీట్‌లో 12.9 అని ఉంటుంది. దాన్ని 12.90 అని రాస్తే ఎలక్ట్రానిక్ టైమింగ్ అని చూసేవాళ్లు పొరబడతారు.

తేడా చిన్నదేమీ కాదు. స్టార్ట్ శబ్దం విన్నాకో పొగ చూశాకో టైమ్‌కీపర్ బటన్ నొక్కేలోపు కొంత సమయం జారిపోతుంది, అందుకే చేతి టైమ్ కాస్త తక్కువ చూపిస్తుంది. 100 మీటర్ల పరుగులో చేతి టైమ్‌కు 0.24 సెకన్లు కలిపి ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చడం వాడుకలో ఉన్న లెక్క. అంటే స్టాప్‌వాచ్‌లో 12.9 వచ్చిన పాపది దాదాపు 13.14 అనుకోవాలి. "రాష్ట్ర స్థాయి విజేత టైమ్ 13.0, మన పాప అప్పుడే దాన్ని దాటేసింది" అని ఉత్సాహంగా రాసేముందు రెండూ ఏ పద్ధతిలో తీసిన టైమ్‌లో చూడండి. లేకపోతే రాష్ట్ర పోటీలో అదే పాప అదే వేగంతో పరుగెత్తి, "నా టైమింగ్ పడిపోయింది" అని కుంగిపోతుంది.

మండల పోటీల కంటే ఎంత మెరుగైందో రాస్తే బాగుంటుందా?

చాలా బాగుంటుంది. ఈ పోలిక పక్కవాళ్లతో కాకుండా తనతోనే ఉంటుంది. కానీ ట్రాక్ ఒకేలాంటిదా కాదా అని ముందు కనుక్కోండి. మండల పోటీలు చాలాచోట్ల స్కూలు గ్రౌండ్‌లో సున్నంతో గీసిన 200 మీటర్ల ట్రాక్ మీద జరుగుతాయి. అక్కడ 800 మీటర్లంటే నాలుగు రౌండ్లు, మలుపులు ఇరుగ్గా ఉంటాయి. జిల్లా మీట్ 400 మీటర్ల ట్రాక్ మీద జరిగితే అదే దూరం రెండు రౌండ్లు, మలుపులు విశాలంగా ఉంటాయి. ట్రాక్ మారినందువల్లే కొన్ని సెకన్లు తగ్గవచ్చు. ఒకచోట వట్టి కాళ్లతో, మరోచోట స్పైక్స్‌తో పరుగెత్తినా అంతే.

లాంగ్ జంప్, షాట్‌పుట్ వంటి వాటిలో ఈ చిక్కు తక్కువ. పోయినసారి 4.62 మీటర్లు, ఈసారి 4.85 అంటే 23 సెంటీమీటర్లు నిజంగానే పెరిగినట్టు, టేపు సరిగ్గా పట్టి ఉంటే. షాట్‌పుట్‌లో మాత్రం గుండు బరువు రెండుసార్లూ ఒకటేనా అని అడగండి.

నేను పోటీ చూడలేదు. అక్కడ ఏం జరిగిందో ఎలా రాయగలను?

ఫోన్ చేసి పిల్లలనే అడగండి. "ఎలా జరిగింది?" అంటే "బాగా జరిగింది" అనే అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. ఈవెంట్‌ను బట్టి అడగాలి. 800, 1500 మీటర్లయితే "ఆఖరి రౌండ్ మొదలైనప్పుడు ఎన్నో స్థానంలో ఉన్నావు?" అనండి. 100, 200 అయితే "స్టార్ట్ బాగా పడిందా? హీట్స్‌లో ఎంత వచ్చింది, ఫైనల్లో ఎంత?" అనండి. లాంగ్ జంప్ అయితే "ఎన్నో జంప్‌లో వచ్చింది? ఫౌల్స్ ఏమైనా పడ్డాయా?" అని అడిగి చూడండి. మొదటి రెండు జంప్‌లూ ఫౌల్ అయి, మూడోది కూడా పోతే ఇంటికే అన్న స్థితిలో బోర్డుకు కాస్త వెనక నుంచే దూకి మార్క్ సంపాదించిన పిల్లలు ఉంటారు. ఆ సంగతి రిజల్ట్ షీట్‌లో ఒక అంకెగా మాత్రమే కనిపిస్తుంది. మీరు అడిగితే పిల్లలు పది నిమిషాలు చెబుతారు. మెసేజ్ కంటే వాళ్లకు ఆ పది నిమిషాలే ఎక్కువ గుర్తుంటాయి.

## రాసేటప్పుడు

మామూలు మెసేజ్‌ను మంచి మెసేజ్‌గా ఎలా మార్చాలి? ఒక ఉదాహరణ చూపిస్తారా?

ఇలా అనుకుందాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, అండర్-17 బాలికల 800 మీటర్లలో రెండో స్థానం, టైమ్ 2 నిమిషాల 31.4 సెకన్లు. మండల పోటీల్లో ఇలాంటి 400 మీటర్ల ట్రాక్ మీదే 2 నిమిషాల 36.2 వచ్చింది. మామూలుగా వచ్చే మెసేజ్ ఇలా ఉంటుంది:

"కంగ్రాట్స్! నీ విజయం అందరికీ స్ఫూర్తి. ఇలాంటి విజయాలు మరెన్నో సాధించి తల్లిదండ్రులకు, పాఠశాలకు మంచి పేరు తేవాలని కోరుకుంటున్నాం."

ఇందులో తప్పేమీ లేదు. కానీ పేరు మారిస్తే చెస్ పోటీకీ, వ్యాసరచనకూ, పదో తరగతి ఫలితాలకూ సరిపోతుంది. ఇప్పుడు పీఈటీ సార్‌ను అడిగితే తెలిసింది ఇది: మొదటి రౌండ్‌లో ముగ్గురు అమ్మాయిలు ఒక్కసారిగా వేగం పెంచి ముందుకు వెళ్లిపోయారు. మన అమ్మాయి వాళ్ల వెంట పడకుండా ప్రాక్టీస్‌లో అనుకున్నట్టే మొదటి 400ను 72 సెకన్లలో ముగించింది. అప్పటికి నాలుగో స్థానం. చివరి 200లో ముందున్నవాళ్లు అలిసిపోతుంటే ఇద్దరిని దాటింది. అప్పుడు మెసేజ్ ఇలా వస్తుంది:

"తల్లీ, 800 మీటర్లలో వెండి పతకానికి అభినందనలు. మొదటి రౌండ్‌లో ముగ్గురు ముందుకు వెళ్లిపోయినా కంగారుపడకుండా నీ 72 దగ్గరే ఉన్నావని సార్ చెప్పారు. నాలుగో స్థానంలో ఉండి కూడా ఓపిక పట్టడం అంత తేలిక కాదు. 2 నిమిషాల 31.4 అంటే మండల పోటీల కంటే 4.8 సెకన్లు తక్కువ. ఇంటికి వచ్చాక ఆ చివరి 200 ఎలా పరుగెత్తావో నీ నోటితో వినాలని ఉంది."

ఇందులో పొగడ్త మాటలు దాదాపు లేవు. "గ్రేట్", "అద్భుతం" లాంటి మాటలు అక్కర్లేకపోయాయి, ఎందుకంటే ఆమె చేసిందే రాశాం. ఆఖరి వాక్యం ఆమెతో మళ్లీ మాట్లాడటానికి దారి తీస్తుంది. బాగా పరుగెత్తిన అమ్మాయికి ఆ సాయంత్రం దాని గురించి చెప్పుకోవడం కంటే ఇష్టమైన పని ఉండదు.

వెండి వచ్చింది. "కొద్దిలో గోల్డ్ మిస్సయింది, పర్లేదు" అని ఓదార్చొచ్చా?

వద్దు. ఓదార్పు మాట వినగానే పాపకు తను ఓడిపోయాననే అర్థమవుతుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు చూసి అమెరికా పరిశోధకులు చేసిన ఒక అధ్యయనం 1995లో వచ్చింది. అందులో కాంస్యం గెలిచినవాళ్లు రజతం గెలిచినవాళ్ల కంటే సంతోషంగా కనిపించారు. రెండో స్థానంలో ఉన్నవారికి చేజారిన మొదటి స్థానం కళ్లముందు మెదులుతుంది. మూడో స్థానంలో ఉన్నవారికి పతకమే రాకుండా పోయేదేమో అన్న ఊరట ఉంటుంది. పెద్దవాళ్లకే అలా ఉంటే పద్నాలుగేళ్ల పిల్లకు ఇంకెలా ఉంటుంది? ఆ బాధ ఇప్పటికే తన మనసులో ఉంది. మీరు మళ్లీ రాసి గుర్తుచేయక్కర్లేదు.

"నెక్స్ట్ టైమ్ గోల్డ్ కొట్టాలి" కూడా అలాంటిదే. ఈ మెసేజ్ ఈ పతకానికే. వచ్చే ఏడాది సంగతి ఆమె ఎత్తితే అప్పుడు మాట్లాడండి. కాంస్యం వచ్చిందని ఇంట్లో ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి గెలిచిందీ కాంస్యమేనని, ఒలింపిక్స్‌లో భారతీయ మహిళ గెలిచిన మొదటి పతకం అదేనని వాళ్లకు చెప్పండి. ఆ మాట ఇంట్లోవాళ్ల కోసం, పాపకు పంపే మెసేజ్‌లోకి తేనక్కర్లేదు.

పెద్ద క్రీడాకారులతో పోల్చవచ్చా? "మన ఊరి జ్యోతి యర్రాజి" లాంటివి?

పిల్లలకు ఆ క్రీడాకారిణి అంటే ఇష్టమైతే ఆ పేరు రాయడంలో తప్పులేదు. పోలికగా మాత్రం రాయకండి. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. సీనియర్ మహిళల హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. అంతర్జాతీయ నియమాల ప్రకారం అండర్-18 బాలికలకు అది 76.2 సెంటీమీటర్లే. షాట్‌పుట్‌లోనూ అంతే, మహిళలు 4 కిలోల గుండు విసిరితే అండర్-18 బాలికలు 3 కిలోలది విసురుతారు. కాబట్టి అంకెల పోలిక నిలవదు.

ఇంకో చిక్కూ ఉంది. అలా పిలిపించుకున్న పాప తర్వాతి మీట్‌లో ఐదో స్థానంలో వస్తే ఆ పేరే ఎగతాళిగా మారుతుంది. "జ్యోతి అక్క కూడా మన రాష్ట్రం అమ్మాయే, ఆమె హర్డిల్స్ వీడియో ఆదివారం కలిసి చూద్దాం" అని రాస్తే ఆ బరువు ఉండదు.

"చదువులో కూడా ఇలాగే రాణించాలి" అని చివర్లో రాయడం మామూలే కదా?

మామూలే, దాదాపు ప్రతి మెసేజ్‌లోనూ ఉంటుంది. అందుకే పిల్లలు ఆ వాక్యాన్ని దూరం నుంచే గుర్తుపడతారు. ఉదయం ఐదింటికి లేచి గ్రౌండ్‌కు వెళ్లి, తొమ్మిదింటికి క్లాసులో కూర్చునే అమ్మాయికి "ఆటలు సరే, చదువు సంగతేంటి?" అన్నట్టే వినిపిస్తుంది. చదువు గురించి నిజంగా ఆందోళన ఉంటే పోటీల వల్ల పోయిన పాఠాలు ఎవరు చెబుతారో, నోట్స్ ఎవరు ఇస్తారో విడిగా మాట్లాడి ఏర్పాటు చేయండి.

సలహాలు కూడా మెసేజ్‌లో వద్దు. "హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లో చేర్పించండి" అని చాలామంది రాస్తుంటారు. అక్కడ ప్రవేశాలు సాధారణంగా నాలుగో తరగతిలోనే జరుగుతాయి. తొమ్మిదో తరగతి అమ్మాయికి అది చెబితే దాటిపోయిన అవకాశాన్ని గుర్తుచేసినట్టే అవుతుంది.

అమ్మాయికి రాసేటప్పుడు ప్రత్యేకంగా ఏమైనా జాగ్రత్త పడాలా?

"ఆడపిల్లవైనా", "మగపిల్లలకు తీసిపోకుండా", "మగరాయుడిలా పరుగెత్తావు" లాంటివి తీసేయండి. ఆమె పోటీపడింది అమ్మాయిలతో, గెలిచింది అమ్మాయిల విభాగంలో. ఎండలో ప్రాక్టీస్ చేసి నల్లబడిందనో, సన్నబడిందనో ప్రేమగా రాసే మాటలూ వద్దు. ఆ వయసులో అలాంటి మాట పతకం కంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది. పిలుపు విషయంలో ఏ చిక్కూ లేదు. ఇంట్లో మీరు తల్లీ అంటారో, బంగారం అంటారో, నాన్నా అంటారో అదే రాయండి.

వైకల్యం ఉన్న విద్యార్థి పతకం గెలిస్తే ఎలా రాయాలి?

ఈవెంట్ గురించి రాయండి. "లోపాన్ని జయించి", "దేవుడు ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చాడు" వంటి వాక్యాల్లో పరుగు కనిపించదు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారికి ఉండే టీ20 విభాగం 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. అదే ఏడాది కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో ఆమె టైమ్ 55.07 సెకన్లు, అప్పటికి ప్రపంచ రికార్డు. ఆమె గురించి క్రీడల భాషలో చెప్పాలంటే అదీ పద్ధతి: విభాగం, దూరం, టైమ్. మీ స్కూలు విద్యార్థికీ అదే మర్యాద ఇవ్వండి.

రిలేలో పతకం వచ్చింది. నలుగురికీ ఒకే మెసేజ్ చాలా?

స్కూలు తరఫున ఒకటి చాలు, కానీ నలుగురి పేర్లూ పరుగెత్తిన వరుసలోనే ఉండాలి. రిలేలో ఫొటో ఎప్పుడూ ఆఖరి కాలు పరుగెత్తినవారికే పడుతుంది, ఫినిష్ లైన్ దాటేది వాళ్లే కాబట్టి. 4×100లో అసలు పోటీ బ్యాటన్ మార్పిడి దగ్గర ఉంటుంది. 30 మీటర్ల జోన్ దాటకముందే బ్యాటన్ చేతులు మారాలి, లేదంటే జట్టు మొత్తం పోటీ నుంచి అవుట్. రెండో కాలు, మూడో కాలు పరుగెత్తినవాళ్లు ఒకసారి బ్యాటన్ అందుకోవాలి, మళ్లీ ఇంకొకరికి అందించాలి. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు వాళ్లు సరిగ్గా కనిపించరు కూడా. "రెండో మార్పిడిలో మీరిద్దరూ వేగం తగ్గించకుండా బ్యాటన్ అందించుకున్నారు" అనే ఒక్క వాక్యం రాస్తే, తమ పని ఎవరో చూశారని ఆ ఇద్దరికీ తెలుస్తుంది. రిజర్వ్‌గా వెళ్లి పరుగెత్తే అవకాశం రాని పిల్లల పేర్లు కూడా చేర్చండి.

ఎంత పొడవు ఉండాలి?

వాట్సాప్‌కు నాలుగైదు వాక్యాలు. అసెంబ్లీలో చదివేదైతే నిమిషం లోపు.

## ఎవరు రాస్తున్నారన్నదాన్ని బట్టి

నేను తాతయ్యను. నాకు టైపింగ్ రాదు, ఈ టైమింగ్‌లు తెలియవు. ఏం పంపాలి?

వాయిస్ మెసేజ్ పంపండి. "నాన్నా, తాతయ్యను. నీకు మెడల్ వచ్చిందని అమ్మ చెప్పింది. ఎంత దూరం పరుగెత్తావురా? పొద్దున్నే లేచి గ్రౌండ్‌కి వెళ్లేవాడివి, చూసేవాణ్ణి. చల్లగా ఉండు, వచ్చినప్పుడు ఆ మెడల్ తీసుకురా" అంటే చాలు. అంకెలు తెలియకపోయినా మీరు కళ్లారా చూసింది ఒకటి ఉంటుంది కదా, అదే చెప్పండి. పిల్లలు ఇలాంటి మెసేజ్‌లు దాచుకుంటారు.

నేను పీఈటీని. రోజూ నాతోనే ఉంటారు, వేరుగా మెసేజ్ అవసరమా?

అవసరం, మీ మాట విలువే వేరు. అందరూ పతకం చూస్తారు, ప్రాక్టీస్ చూసింది మీరొక్కరే. మీరిద్దరూ కలిసి సరిచేసుకున్న ఒక విషయం రాయండి: "మన్ను తడిగా ఉన్న రోజుల్లో కూడా రనప్ మార్క్ కొలుచుకుంటూ కూర్చున్నాం గుర్తుందా, ఈరోజు ఆరు జంప్‌లలో ఒక్క ఫౌల్ కూడా పడలేదు." తప్పులు ఆ రోజు ఎత్తకండి, అవి తర్వాతి ప్రాక్టీస్‌లో చెప్పొచ్చు. పోటీకి వచ్చి పతకం రాని మీ మిగతా పిల్లలకు కూడా ఆ సాయంత్రమే ఒక్కో మాట పంపండి. వాళ్లు మీ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటారు.

హెడ్‌మాస్టర్‌గా అసెంబ్లీలో ఏం చెప్పాలి? నోటీసు బోర్డులో ఏం పెట్టాలి?

బోర్డులో వివరాలు చాలు: పేరు, తరగతి, ఈవెంట్, విభాగం, స్థానం, టైమ్ లేదా దూరం, పోటీ జరిగిన చోటు, తేదీ, శిక్షణ ఇచ్చిన టీచర్ పేరు. అసెంబ్లీలో ఆ ఈవెంట్ ఏమిటో మిగతా పిల్లలకు కళ్లకు కట్టేలా చెప్పండి. "800 మీటర్లంటే మన గ్రౌండ్ చుట్టూ నాలుగుసార్లు" అంటే ఆరో తరగతి పిల్లలు కూడా గ్రౌండ్ వైపు చూసి అర్థం చేసుకుంటారు. మీ గ్రౌండ్ ఎన్ని మీటర్లో ముందే పీఈటీని అడిగి లెక్క సరిచూసుకోండి. నగదు బహుమతి, స్పైక్స్ కొనిస్తామనే మాట చేతిలో సిద్ధంగా ఉంటేనే మైకులో చెప్పండి.

నేను నాన్నను. కూతురికి నేనే మెసేజ్ పెడితే వింతగా ఉండదా?

అస్సలు ఉండదు. తెలుగిళ్లలో నాన్నలు మెచ్చుకోలును పక్కింటివాళ్లకు చెబుతారు, పిల్లలకు మాత్రం చెప్పరు. ముఖాముఖి చెప్పడం మొహమాటంగా ఉంటే మెసేజే మంచి దారి. "అమ్మా, నువ్వు ఫైనల్‌కు వెళ్తున్నప్పుడు నాకు చాలా టెన్షన్‌గా ఉంది. నీ ముఖంలో మాత్రం అది కనిపించలేదు. సంతోషంగా ఉంది" అని రాయండి. ఖర్చులు, మీరు పడ్డ కష్టం ఇందులోకి తేవద్దు.

## పంపేటప్పుడు

ఫినిష్ లైన్ దాటగానే పంపొచ్చా?

ఫలితం అధికారికంగా ప్రకటించేదాకా ఆగండి. పక్క లేన్‌లోకి అడుగు పడిందనో, బ్యాటన్ జోన్ దాటాక అందిందనో స్థానాలు మారతాయి. అథ్లెటిక్స్ నియమాల ప్రకారం ఫలితం ప్రకటించాక 30 నిమిషాల దాకా అభ్యంతరం చెప్పవచ్చు. గ్యాలరీ నుంచి "ఫస్ట్!" అని గ్రూపులో పెట్టి, గంట తర్వాత "సారీ, సెకండ్" అంటే వెండి పతకం కూడా పోగొట్టుకున్నదానిలా కనిపిస్తుంది.

అదే రోజు లేదా మర్నాడు ఆ విద్యార్థికి ఇంకో ఈవెంట్ ఉందేమో కూడా చూడండి. ఉంటే పొడవైన మెసేజ్‌లు, ఫోన్లు ఆఖరి ఈవెంట్ అయ్యాకే. అప్పటివరకు "చూశాం, సంతోషం, రెస్ట్ తీసుకో" అంటే సరిపోతుంది.

క్లాస్ గ్రూపులో పెడితే అదే పోటీలో ఓడిపోయిన పిల్లలు నొచ్చుకోరా?

ఎలా రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. "మన స్కూలు పరువు నిలబెట్టిన ఒకే ఒక్కడు" అంటే మిగతావాళ్లు పరువు తీసినట్టే. "ఈసారి జిల్లా మీట్‌కు మన స్కూలు నుంచి వెళ్లిన ఏడుగురూ తమ ఈవెంట్లు పూర్తి చేశారు. వారిలో ఫలానా బాబుకు హై జంప్‌లో కాంస్యం వచ్చింది" అని మొదలుపెట్టి ఏడుగురి పేర్లూ, ఈవెంట్లూ ఇవ్వండి. పతకం వచ్చిన బాబు ప్రత్యేకత ఏమీ తగ్గదు, ఎందుకంటే జంప్ వివరం అతనిదే ఉంటుంది. నాలుగో స్థానంలో వచ్చిన విద్యార్థికి మాత్రం గ్రూపులో ఏమీ రాయకుండా విడిగా ఫోన్ చేయడం మంచిది. నలుగురి ముందు "నాలుగో స్థానం" అన్న మాట చాలామందికి ముల్లులా గుచ్చుకుంటుంది.

ఫొటో పెట్టొచ్చా? ఊళ్లో ఫ్లెక్సీ వేయిస్తామంటున్నారు.

తల్లిదండ్రులను అడిగాకే. ఫొటోలో చెస్ట్ నంబర్ కనిపిస్తే ఫర్వాలేదు కానీ పుట్టిన తేదీ ఉన్న సర్టిఫికెట్, ఆధార్ నంబర్, ఇంటి చిరునామా కనిపించకూడదు. సర్టిఫికెట్ పట్టుకుని దిగిన ఫొటోల్లో ఇవి చాలాసార్లు అలాగే బయటకు పోతాయి. అమ్మాయిల విషయంలో పరుగెడుతుండగా తీసిన ఫొటో కంటే ట్రాక్‌సూట్‌లో పతకంతో నిలబడిన ఫొటో వాడమని చాలామంది తల్లిదండ్రులు కోరతారు. అమ్మాయికి తన పరుగు ఫొటోనే ఇష్టమైతే ఆ మాటా వినండి. ఫ్లెక్సీలో పిల్ల ఫొటో పెద్దగా ఉండాలి, చుట్టూ నాయకుల ఫొటోలు చిన్నగా ఉండాలి, లేకపోతే పతకం ఎవరికొచ్చిందో దారినపోయేవాళ్లకు తెలియదు.

పేపర్‌కు ఏం ఇవ్వాలి?

విలేకరికి సాయంత్రం లోపే ఒక్క పేరా, ఒక్క ఫొటో. ఉదాహరణకు: "జిల్లా స్థాయి పాఠశాలల క్రీడా పోటీల్లో అండర్-17 బాలికల 800 మీటర్ల పరుగులో (ఊరి పేరు) జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతి విద్యార్థిని (పేరు) ద్వితీయ స్థానం సాధించింది. 2 నిమిషాల 31.4 సెకన్లలో పరుగు పూర్తి చేసింది." పేరు అక్షరాలు ఎలా రాయాలో పాపనే అడగండి. పేపర్‌లో తప్పుగా పడిన పేరు ఆ ఇంట్లో ఏళ్ల తరబడి బాధ పెడుతుంది.

## ఆ తర్వాత

"రాష్ట్ర స్థాయికి ఎంపికైనందుకు" అని కూడా కలిపి రాయొచ్చా?

ఎంపిక జాబితాలో పేరు చూశాకే. జిల్లాలో మొదటి స్థానాల్లో వచ్చినవాళ్లనే సాధారణంగా పంపుతారు. అయినా ఒక విద్యార్థి ఎన్ని ఈవెంట్లలో పాల్గొనవచ్చన్న పరిమితి, వయసు పత్రాల పరిశీలన, గాయం, పరీక్షలు ఇవన్నీ మధ్యలో వస్తాయి. ముందే రాసేస్తే, ఏ కారణంగానైనా వెళ్లలేకపోయినప్పుడు ఊళ్లో కనబడిన ప్రతివారికీ ఆ పిల్ల జవాబు చెప్పుకోవాలి. జాబితా వచ్చాక ఇంకో మెసేజ్ రాయండి. అప్పుడు అభినందనలతో పాటు ప్రయాణం ఎప్పుడు, ఎవరు తోడు వెళ్తున్నారు, స్పైక్స్ ఉన్నాయా అని కూడా అడగండి.

విషయం చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు పంపితే బాగుంటుందా?

తప్పకుండా పంపండి. మొదటి రోజు యాభై మెసేజ్‌లలో మీది ఒకటై ఉండేది, ఇప్పుడు ఒక్కటే వస్తుంది. ఆలస్యానికి పెద్ద సంజాయిషీ అక్కర్లేదు. "ఇప్పుడే మీ పీఈటీ సార్ చెప్పారు, జావెలిన్‌లో కాంస్యం గెలిచావట. ఆఖరి త్రోలో వచ్చిందని విన్నాను, నిజమేనా?" అని అడగండి.